ఒడ్డున నిలబడి సముద్రంలో గాలం వేయడం ఎలా: విశాఖ, భీమిలి తీరాల్లో కొత్తవారికి

కొత్తగా గాలం వేయాలనుకునేవారు అడిగే మొదటి ప్రశ్న "ఏ రాడ్డు కొనాలి?" అని. కొన్న నెల తర్వాత రెండో ప్రశ్న వస్తుంది: "ఉదయమంతా నిలబడ్డాను, ఒక్క చేప కూడా ఎందుకు పడలేదు?" ఈ రెండో ప్రశ్నకు జవాబు రాడ్డులో దొరకదు. ఒడ్డు దగ్గరి చేప రోజులో కొన్ని గంటలపాటే, తీరంలో కొన్ని చోట్లకే మేతకు వస్తుంది. ఆ గంటలో, ఆ చోట మీ ఎర ఉంటే మామూలు రాడ్డుకైనా చేప పడుతుంది. లేకపోతే ఎంత ఖరీదైన సామాను ఉన్నా పడదు. అందుకే ఇక్కడ సామాను గురించి కొంచెమే రాసి, పోటు పాట్ల గురించీ, ఇసుక కింద దాగిన లోతుల గురించీ, పట్టిన చేపలో ఏది ఉంచుకోవాలి ఏది వదలాలి అన్నదాని గురించీ ఎక్కువ రాస్తున్నాను.

ఇది ఇసుక తీరానికి సంబంధించినది. రాతి గుట్టల మీద నిలబడి గాలం వేయడం కొత్తవారికి తగదు. నాచు పట్టిన బండ మీద కాలు జారితే, వెనకనుంచి పెద్ద అల వస్తే ఎవరూ కాపాడలేరు. కనీసం ఒక ఏడాది ఇసుకలోనే నేర్చుకోండి.

ఏమేమి కావాలి

రాడ్డు: తొమ్మిది లేదా పది అడుగులది, రెండు ముక్కలుగా విడదీయగలిగినది. దాని మీద ఎంత బరువు విసరవచ్చో గ్రాముల్లో రాసి ఉంటుంది. 40 నుంచి 100 గ్రాముల మధ్య ఉన్నది తీసుకోండి. పన్నెండు అడుగుల రాడ్డు చూడడానికి గొప్పగా ఉంటుంది కానీ కొత్త చేతికి బరువు. మన తీరంలో మొదట్లో అంత దూరం విసరాల్సిన అవసరం కూడా లేదు.

రీలు: చుట్ట కదలకుండా ఉండి, దారాన్ని చుట్టూ తిరిగి చుట్టే మామూలు స్పిన్నింగ్ రీలు, 4000 నుంచి 6000 సైజు. దాని డ్రాగ్ సాఫీగా జారాలి. డ్రాగ్ అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా కొంచెం కొంచెంగా వదిలే బిగింపు.

తంగూసు: 0.40 మిల్లీమీటర్ల మందం ఉన్న నైలాను తంగూసు 200 మీటర్లు. అల్లిక దారం ఇప్పుడు వద్దు. గాలిలో చిక్కుపడితే దాన్ని విడదీయడానికే ఉదయం గడిచిపోతుంది.

గాలాలు: 6 నంబరువి పది, 1/0 నంబరువి పది. 1 నుంచి పైకి నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. పక్కన సున్నా ఉన్నవాటిలో మాత్రం నంబరు పెరిగితే గాలం పెద్దది. 1/0లో సర్కిల్ గాలాలు, అంటే మొన లోపలికి బాగా వంగి ఉన్నవి అడగండి. కారణం తర్వాత చెబుతాను.

సీసం బరువులు: 60, 80 గ్రాములవి, నాలుగు పలకల గోపురం ఆకారంలో ఉన్నవి. గుండ్రటి సీసం అలలకు దొర్లిపోయి మీ ఎరను తిరిగి ఒడ్డుకే తెస్తుంది.

ఇవి కాక స్వివెల్‌లు, అంటే మెలి తిరిగే చిన్న కొక్కేలు, సీసం తగిలించే జారుడు కొక్కేలు, ప్లాస్టిక్ పూసలు, పొడవు ముక్కు పట్టకారు, కత్తెర, తడి గుడ్డ, మూత ఉన్న డబ్బాలో ఐసు. వీటితో పాటు సెంటీమీటర్లు గీసిన చెక్క పలక తప్పనిసరి. ఆ పలక లేకుండా బయలుదేరవద్దు. టోపీ, నీళ్లు, కాలికి గట్టిగా అంటుకునే చెప్పులు మర్చిపోకండి.

1. ముందు రోజునూ గంటనూ ఎంచుకోండి

బంగాళాఖాతంలో మన తీరాన రోజుకు సుమారుగా నీరు పెరిగే పోట్లు రెండు, నీరు తగ్గే పాట్లు రెండు వస్తాయి. పాటు అడుగునుంచి పోటు చివరి వరకు ఆరు గంటల పైచిలుకు పడుతుంది. మర్నాడు అదే పోటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి నాటికీ ఆ తర్వాతి ఒకటి రెండు రోజులకూ నీటి ఎత్తులో తేడా ఎక్కువ. అష్టమి ప్రాంతంలో తక్కువ. విశాఖలో పెద్ద పోటు రోజుల్లో ఈ తేడా మీటరుంపావు నుంచి మీటరున్నర దాకా ఉంటుంది. అష్టమి రోజుల్లో అది అరమీటరు దగ్గరికి దిగిపోవచ్చు.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ పోటు పాట్ల అంచనాలు ఇస్తుంది. ఫోనులో చూపే పట్టికలు కూడా చాలు, విశాఖపట్నం అని ఎంచుకుంటే సరి. పట్టికలో సమయం, దాని పక్కన ఎత్తు మీటర్లలో ఉంటాయి. ఆ ఎత్తు మీ కాళ్ల దగ్గరి లోతు కాదు. ఒక స్థిరమైన గుర్తునుంచి కొలిచిన లెక్క. మీకు కావలసింది రెండు ఎత్తుల మధ్య తేడా మాత్రమే.

ఒక ఉదాహరణతో చూద్దాం. పౌర్ణమి మర్నాడు పట్టికలో పాటు తెల్లవారుజాము 3:40కి 0.3 మీటర్లు, పోటు 9:50కి 1.5 మీటర్లు అని ఉందనుకోండి. తేడా 1.2 మీటర్లు. నీరు గంటగంటకు సమానంగా పెరగదు. తేడాను పన్నెండు భాగాలు చేస్తే మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, చివరి గంటలో ఒకటి పెరుగుతుందని స్థూలంగా లెక్క. ఇక్కడ ఒక భాగం పది సెంటీమీటర్లు. కాబట్టి 3:40 నుంచి 4:40 వరకు నీరు పది సెంటీమీటర్లే లేస్తుంది. 5:40 నుంచి 7:40 వరకు రెండు గంటల్లోనే అరవై సెంటీమీటర్లు లేస్తుంది. ఆ రెండు గంటల్లో ప్రవాహం బలంగా ఉంటుంది. ఇసుక కదిలి అందులోని పురుగులు, చిన్న పీతలు బయటపడతాయి. వాటి కోసం చేపలు ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. పైగా అది తెల్లవారే వేళ. ఈ రోజుకు మీరు ఎర విసరాల్సిన సమయం 5:40 నుంచి 8:40 వరకు. 9:30 దాటాక నీరు నిలిచిపోతుంది, కాటు కూడా తగ్గుతుంది. ఎండలో పడిగాపులు కాయకుండా ఇంటికి వెళ్లండి.

పోటు మధ్యాహ్నం పన్నెండుకు వచ్చే రోజులు కొత్తవారికి అంత బాగుండవు. అటువంటి రోజుల్లో పాటు మొదలైన తర్వాతి రెండు మూడు గంటలు ప్రయత్నించవచ్చు. ముఖ్యంగా నది మొగ దగ్గర. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట పాటు సమయంలో లోపలి నీరు చిన్న రొయ్యలను, పిల్ల చేపలను బయటికి తోస్తుంది. వాటిని తినడానికి పెద్ద చేపలు మొగ అంచున కాచుకుంటాయి. కానీ పాటు లాగుడు ప్రమాదకరం. అక్కడ నీటిలోకి ఒక్క అడుగు కూడా వేయవద్దు, పొడి ఇసుక మీదనుంచే విసరండి.

హెచ్చరిక: పోటు పట్టిక అలల ఎత్తు చెప్పదు. గాలి లేని నిర్మలమైన రోజున కూడా దూరాన దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన ఉప్పెన అలలు మన ఒడ్డుకు చేరవచ్చు. బయలుదేరే ముందు ఇన్‌కాయిస్ అలల హెచ్చరికలు చూడండి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు సముద్రం గరుకుగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫాన్ల భయం. జనవరి నుంచి ఏప్రిల్ మొదటివారం దాకా నేర్చుకోవడానికి అనువైన కాలం. ఉరుము వినిపిస్తే రాడ్డు కింద పెట్టి దూరంగా వెళ్లిపోండి. రాడ్డులోని కార్బన్ విద్యుత్తును మోసుకువస్తుంది. కరెంటు తీగల కింద కూడా రాడ్డు నిలబెట్టి నడవకూడదు.

2. పాటు సమయంలో తీరాన్ని చదవండి

గాలం వేసే రోజుకు ముందురోజు, నీరు బాగా వెనక్కి తగ్గినప్పుడు ఒకసారి ఉత్త చేతులతో వెళ్లండి. కొత్తవారు వదిలేసే పని ఇదే. ఇసుక తీరం సాఫుగా కనిపిస్తుంది కానీ కింద సాఫుగా ఉండదు. ఒడ్డుకు సమాంతరంగా ఇసుక దిబ్బ ఒకటి, దానికీ ఒడ్డుకూ మధ్య కాలువలా లోతు ఒకటి ఉంటాయి. పాటులో ఆ కాలువ మీ కళ్ల ముందే నీటి చారలా కనబడుతుంది.

పోటులో దాన్ని అలలను బట్టి గుర్తించాలి. అల ఎక్కడ తెల్లగా విరుగుతుందో అక్కడ లోతు తక్కువ, అంటే దిబ్బ. విరిగిన అల మళ్లీ చదునై, నీరు ముదురు రంగులో కనిపించే చోట లోతు ఎక్కువ. చేప ఆ ముదురు నీటిలో, దిబ్బ అంచుకు ఆనుకుని తిరుగుతుంది. ఆ చోటు చాలాసార్లు మీకు ఇరవై ముప్పై మీటర్ల దూరంలోనే ఉంటుంది. ఎనభై మీటర్లు విసిరినవారి ఎర చేపలను దాటి దిబ్బ అవతల పడుతుంది.

దిబ్బ ఒకచోట తెగి, ఆ తెగిన చోట అలలు విరగకుండా నీరు మట్టి రంగుతో సముద్రం వైపు పారుతుంటే అది వెనక్కి లాగే ప్రవాహం. దాని పక్కన చేపలు ఉంటాయి. కానీ మనుషులను లోపలికి లాగేది కూడా అదే. ఆర్కే బీచిలో, యారాడలో ఇటువంటి ప్రవాహాలు ఉన్నాయి. దాని పక్కకు ఎర విసరవచ్చు. మీరు మాత్రం మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగవద్దు.

గుర్తించిన చోటికి ఎదురుగా ఒడ్డున ఉన్న కొబ్బరిచెట్టునో, స్తంభాన్నో ఆనవాలుగా పెట్టుకోండి. మర్నాడు చీకటిలో వచ్చినప్పుడు అదే దారి చూపుతుంది.

ఎక్కడ వేయకూడదో కూడా చెప్పాలి. రుషికొండలాంటి స్నానాల తీరాల్లో వద్దు. ఓడరేవు, నౌకాదళ ప్రాంతాల దగ్గర అనుమతి లేకుండా వద్దు. మత్స్యకారులు అలివి వల లాగుతున్న చోటికి కనీసం రెండు వందల మీటర్ల దూరంలో ఉండండి. వల ఒడ్డుకు వచ్చేదాకా ఆ నీరు వారిది. మీ గాలం వారి వలకు తగులుకుంటే చేతులు కోసుకునేది వల విప్పేవారే. దూరంనుంచే "అన్నా, ఇక్కడ వేసుకోవచ్చా?" అని అడగండి. చాలామంది చోటు చూపించడమే కాదు, ఈ వారం ఏ చేప తిరుగుతోందో కూడా చెబుతారు.

3. కట్టు కట్టండి

కొత్తవారికి ఒకే కట్టు చాలు. రీలునుంచి వచ్చే తంగూసుకు ముందు జారుడు కొక్కెం ఎక్కించండి, దానికి సీసం తగిలిస్తారు. తర్వాత ఒక పూస. తర్వాత స్వివెల్ కట్టండి. స్వివెల్ రెండో కొసకు 50 సెంటీమీటర్ల తంగూసు, దాని చివర గాలం. చేప ఎర పట్టుకుని లాగినప్పుడు దారం కొక్కెంలోనుంచి జారుతుంది. సీసం బరువు చేపకు తెలియదు, అందుకని ఎరను వెంటనే వదలదు.

ముడి: తంగూసు కొసను గాలం కంటిలోనుంచి దూర్చి, అసలు దారం చుట్టూ ఐదుసార్లు తిప్పండి. కొసను కంటి పక్కన ఏర్పడిన చిన్న ఉచ్చులోనుంచి, ఆ తర్వాత పైన ఏర్పడిన పెద్ద ఉచ్చులోనుంచి తీయండి. ఉమ్మితోనో నీటితోనో తడిపి, నెమ్మదిగా బిగించండి. తడపకుండా బిగిస్తే రాపిడి వేడికి తంగూసు బలం పోతుంది.

సరిచూసుకోవడం: గాలాన్ని ఒక మేకుకు తగిలించి, చేతికి గుడ్డ చుట్టుకుని గట్టిగా లాగండి. తెగిన కొస చుట్ట తిరిగి ఉంటే ముడి జారిందన్నమాట, మళ్లీ కట్టండి. డ్రాగ్ సరిచూడడానికి రెండు లీటర్ల నిండు నీళ్ల సీసాను దారానికి కట్టి రాడ్డుతో ఎత్తండి. సీసా నేలనుంచి లేస్తూ లేస్తూ దారం జారడం మొదలైతే బిగింపు సరిగ్గా ఉన్నట్టు. అసలు జారకపోతే పెద్ద చేప పడ్డప్పుడు దారం తెగుతుంది.

4. ఎర

మొదటి ఎంపిక పచ్చి రొయ్య. చేపల బజారులో దొరికే చిన్న రొయ్యలు పావుకిలో ఒక ఉదయానికి ఎక్కువే. ఉడికించినది, ఉప్పు పట్టించి ఎండబెట్టినది పనికిరావు. తల తీసి, పెంకు వలిచి, 6 నంబరు గాలానికి చిటికెన వేలి గోరంత ముక్క చాలు. గాలం మొన ఎరలోనుంచి బయటికి కనిపించాలి. మొనను ఎరలో దాచేస్తే కాటు తెలుస్తుంది కానీ చేప గుచ్చుకోదు. పెద్ద ముక్క పెట్టడం అందరూ చేసే పొరపాటు. ఒడ్డు చేపల్లో చాలావాటి నోరు చిన్నది.

ఉచితంగా దొరికే ఎర మీ కాళ్ల కిందే ఉంది. అల వెనక్కి మళ్లినప్పుడు తడి ఇసుకలో వంపు తిరిగిన చిన్న గీతలు కనబడతాయి. అక్కడ గుడ్డు ఆకారంలో, బూడిద రంగులో ఉండే చిన్న పీతలు వెనక్కి దూరుతుంటాయి. చేత్తో రెండు పిడికిళ్ల ఇసుక తీస్తే నాలుగైదు దొరుకుతాయి. వాటిని తడి ఇసుకతో డబ్బాలో ఉంచండి, నీళ్లు పోయకండి. మీకు అవసరమైన పదిహేను ఇరవై మాత్రమే తీసుకోండి. బొజ్జ కింద నారింజ రంగు గుడ్లు ఉన్నవాటిని తిరిగి వేయండి.

పెద్ద చేపకు 1/0 గాలం మీద తాజా నెత్తళ్లు రెండు, లేదా కవళ్ల ముక్క. ముక్క మెత్తబడి జారిపోతుంటే కుట్టు దారంతో నాలుగు చుట్లు చుట్టండి. ఎర ఎప్పుడూ ఐసు మీద ఉండాలి. నీళ్లలో నానితే వాసన పోతుంది.

5. విసరడం

వెనక్కి చూడండి. ప్రతిసారీ చూడండి. సీసం రాడ్డు కొసనుంచి ఒక మీటరు వేలాడాలి. పాదాలు కొంచెం ఎడంగా, రాడ్డు భుజం మీదుగా వెనక్కి. రీలు తీగ తెరిచి, దారాన్ని చూపుడు వేలితో పట్టుకోండి. పై చేయి ముందుకు తోస్తూ, కింది చేయి రొమ్ము వైపు లాగుతూ, రాడ్డు తలకు కొంచెం ముందుకు వచ్చినప్పుడు వేలు వదలండి. ముందుగా వదిలితే సీసం ఆకాశంలోకి పోతుంది, ఆలస్యమైతే కాళ్ల ముందు పడుతుంది. బలం వద్దు. ముప్పై మీటర్లు నేరుగా పడితే చాలు.

సీసం అడుగుకు తగిలాక దారం వదులు లాగేసి రాడ్డును ఇసుకలో పాతిన గొట్టంలో నిలబెట్టండి. ప్లాస్టిక్ పైపు ముక్క మీటరు పొడవుది సరిపోతుంది. పాతేటప్పుడు అడుగు లోతు దింపండి.

సీసం నిలవక పక్కకు కొట్టుకుపోతుంటే 80 గ్రాములది వేయండి. అయినా నిలవకపోతే ఆ రోజు ప్రవాహం మీ సామానుకు ఎక్కువని అర్థం. మరింత బరువు వేసి రాడ్డు విరగ్గొట్టుకోకండి.

6. కాటు చదవడం

రాడ్డు కొస అలకు ఊగుతూనే ఉంటుంది, ఆ ఊపుకు ఒక లయ ఉంటుంది. చేప తగిలితే ఆ లయ చెడుతుంది. టకటకమని కొట్టుకుంటే చిన్న చేప. ఒక్కసారి వంగి నిలిచిపోతే పెద్దది. దారం హఠాత్తుగా వదులైతే చేప ఒడ్డువైపు ఈదుతోందని అర్థం. కొత్తవారు దీన్ని కాటుగా గుర్తించరు. వెంటనే చుట్టండి.

మామూలు గాలమైతే రాడ్డును ఒక్క జానెడు వెనక్కి లాగండి. సర్కిల్ గాలమైతే అసలు గుంజకూడదు. నెమ్మదిగా చుట్టడం మొదలుపెడితే అది తనంతట తాను మూతి మూలన గుచ్చుకుంటుంది. ఆ గాలాలు కొనమన్నది ఇందుకే. కడుపులోకి మింగని చేపను ప్రాణాలతో వదలవచ్చు.

పదిహేను నిమిషాలకొకసారి ఎర తీసి చూడండి. గాలం మీద మిగిలినదే మీకు నీటి కింద ఏం జరుగుతోందో చెబుతుంది. ఎర ముట్టకుండా అలాగే ఉంటే అక్కడ చేప లేదు. ముందుగా దూరం మార్చండి, పది మీటర్లు దగ్గరగా విసరండి. అప్పటికీ అంతే అయితే యాభై మీటర్లు పక్కకు నడవండి. ఎర అంచులు కొరికి ఉండి చేప పడకపోతే గాలం పెద్దదైంది, 6 నంబరుకు మారండి. ఎర మొత్తం పోయి, కాటు తెలియకపోతే పీతలు తింటున్నాయి. ఎర దగ్గర వేలి గోరంత బెండు ముక్క గుచ్చితే అది అడుగునుంచి కొంచెం లేచి తేలుతుంది. గాలమే కత్తెరతో కత్తిరించినట్టు మాయమైతే ఉబ్బు చేపలు గుంపుగా ఉన్నాయి. గాలాలు వృథా చేయకుండా చోటు మార్చండి.

7. చేపను పట్టుకునే ముందు

చేపను రాడ్డుతో గాలిలోకి ఎత్తకండి. వచ్చే అలతో పాటు ఒడ్డుకు జార్చండి. వెళ్లే అల లాగేటప్పుడు చుట్టడం ఆపండి, దారం తెగేది అప్పుడే.

తర్వాత చెయ్యి పెట్టేముందు అది ఏ చేపో చూడండి. మీసాలున్న సముద్రపు జెల్లకు వీపున ఒకటి, రెక్కల దగ్గర రెండు, మొత్తం మూడు విషపు ముళ్లు. చదునుగా ఉండే టేకు చేప తోక మీద ముల్లు ఇంకా ప్రమాదం. ఈ రెండింటినీ చేత్తో తాకకుండా పట్టకారుతో గాలం తీయండి, వీలుకాకపోతే దారం కత్తిరించండి. ముల్లు గుచ్చుకుంటే భరించగలిగినంత వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, అరగంటకు పైగా ఉంచితే నొప్పి తగ్గుతుంది. నీటి వేడిని మంచిగా ఉన్న చేత్తో ముందు చూసుకోండి. తర్వాత ఆసుపత్రికి వెళ్లాలి, ముల్లు ముక్క లోపల ఉండిపోవచ్చు.

గాలి నింపుకుని బంతిలా ఉబ్బే చేపను ఎట్టి పరిస్థితిలోనూ తినకూడదు. దాని విషం వంటతో పోదు.

8. కొలవండి, ఆ తర్వాతే నిర్ణయించండి

చేతిని, పలకను తడిపి చేపను పలక మీద పడుకోబెట్టండి. మూసిన మూతినుంచి తోక చివర వరకు కొలత. పొడి ఇసుక మీద వేస్తే దాని ఒంటి జిగురు పోతుంది, వదిలినా బతకదు.

చట్టం విషయం ముందు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 పట్టికల్లో కొన్ని రకాల సొరలు, టేకులు, గిటారు ఆకారపు చేపలు, సముద్రపు గుర్రాలు, సముద్రపు తాబేళ్లు ఉన్నాయి. 2022 సవరణతో జాబితా పెరిగింది. ఏ సొర జాబితాలో ఉందో ఒడ్డున కొత్తవారు తేల్చలేరు. కాబట్టి సొర, టేకు ఏదైనా సరే వదలండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. అది ముఖ్యంగా చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టినది. ఒడ్డునుంచి గాలం వేసేవారికి ఆ ఏడాది ఆదేశాలు ఏమిటో జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. పడవలు ఒడ్డున కట్టేసి జీతం లేక కూర్చున్న మత్స్యకారుల ముందు మనం సరదాకు సంచి నింపుకోవడం నాకు సమ్మతం కాదు. ఆ రెండు నెలలు పట్టిన చేపనల్లా వదిలేయండి.

సైజు విషయంలో కేరళ మంచి దారి చూపింది. అక్కడ 2015 నుంచి కనీస సైజులు అమల్లో ఉన్నాయి. కవళ్లకు 10 సెంటీమీటర్లు, కానాగంతకు 14. దీని వెనక ఆలోచన ఒకటే: చేప కనీసం ఒకసారి గుడ్లు పెట్టే దాకా దాన్ని ముట్టకూడదు.

కొన్ని చేపలకు పై హద్దు కూడా కావాలి. పండుగప్ప దీనికి ముఖ్య ఉదాహరణ. అది మొదట మగ చేపగా ఎదుగుతుంది. కొన్నేళ్లు అలా ఉండి, మీటరుకు దగ్గరవుతుండగా ఆడ చేపగా మారుతుంది. అంటే మొగ దగ్గర పడే చాలా పెద్ద పండుగప్ప దాదాపు ఎప్పుడూ లక్షల గుడ్లు పెట్టే ఆడదే. ఇదే చేపకు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తూర్పు తీరంలో 58 సెంటీమీటర్ల కంటే చిన్నదీ 120 కంటే పెద్దదీ ఉంచుకోకూడదని నియమం ఉంది.

నేను పాటించే లెక్క ఇది. రోజుకు మొత్తం ఐదు చేపలు, అంతే. ఇసుకలో తిరిగే సన్నని వెండి చేప, ఇంగ్లీషులో వైటింగ్ అంటారు, 18 సెంటీమీటర్లకు పైన. గులివింద 15కు పైన. పార 30కి పైన. పండుగప్ప 60 నుంచి 80 మధ్య ఒక్కటి. ఏ జాతో తెలియని చేప ఏదైనా వదిలేయడమే.

ఒక ఉదయం మీకు వైటింగ్‌లు మూడు, 16, 19, 21 సెంటీమీటర్లవి, పార ఒకటి 14ది, పండుగప్ప 45ది పడ్డాయనుకోండి. 19, 21 వైటింగ్‌లు రెండే మీవి. పార పిల్ల వెళ్లిపోవాలి. పండుగప్ప రెండు కిలోల లోపు ఉన్నా చూడడానికి ఎంతో ఆశపెడుతుంది. అది ఇంకా లేత చేప, అదీ వెళ్లిపోవాలి. ఫోటో తీయాలనుకుంటే ముందే ఫోను సిద్ధం చేసుకోండి. చేప నీటి బయట ఉండే సమయం మీరు ఊపిరి బిగపట్టగలిగినంత కంటే ఎక్కువ కాకూడదు.

వదిలే పద్ధతి: గాలం లోతుగా మింగితే లాగకండి, మూతి దగ్గర దారం కత్తిరించండి. చేపను తడి చేతులతో మోకాలి లోపు నీటిలో తలను అలవైపు పెట్టి పట్టుకోండి. మొప్పలు ఆడి, తోక గట్టిగా కొట్టినప్పుడు వదలండి. వెల్లకిలా తిరిగితే మళ్లీ నిలబెట్టండి. గాలాల మొన దగ్గరి చిన్న ముల్లును ముందే పట్టకారుతో నొక్కేసి ఉంచుకుంటే ఇదంతా పది సెకన్లలో అయిపోతుంది.

ఉంచుకునే చేపను తల మీద ఒక దెబ్బతో వెంటనే చంపి, మొప్పలు కోసి రక్తం పోనిచ్చి, ఐసు, సముద్రపు నీరు కలిపిన డబ్బాలో వేయండి. ఎండలో బకెట్టులో తన్నుకుంటూ చచ్చిన చేప రుచి చెడుతుంది. పార, కానాగంత లాంటివి ఐసు లేకుండా ఉంటే వాటి మాంసంలో వండినా పోని దురద పుట్టించే పదార్థం తయారవుతుంది.

9. వెళ్లే ముందు, ఇంటికి వచ్చాక

తెగిన తంగూసు ముక్క ఒక్కటి కూడా ఇసుకలో వదలవద్దు. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటి కాళ్లకు చుట్టుకునేది ఈ దారమే. తెల్లవారుజామున ఇసుకలో తాబేలు జాడ, వెడల్పాటి ట్రాక్టరు చారలాంటిది, కనిపిస్తే లైటు ఆర్పి దూరంగా నడవండి.

ఇంట్లో రీలు డ్రాగ్ గట్టిగా బిగించి, కుళాయి సన్నగా వదిలి పైపైన కడగండి. నీటి ధార బలంగా కొడితే ఉప్పు లోపలికి పోతుంది. ఆరాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి దాచండి. దారం మొదటి మూడు మీటర్లు వేళ్ల మధ్య జారించి చూడండి, గరుకు తగిలితే ఆ ముక్క కత్తిరించి పారేయండి.

ఒక పుస్తకంలో నాలుగు సంగతులు రాయండి: తిథి, పోటు సమయం, కాటు పడిన గంట, ఎర విసిరిన దూరం. రెండు పక్షాలు రాశాక అదే తిథికి మళ్లీ వెళ్లి, కాటు పోటు మొదలైన ఎన్నో గంటలో పడిందో పోల్చి చూసుకోండి.